6264లు నాలుగు పెడితే రెండే పలుకుతున్నాయి: 8085 బోర్డు, 138 డీకోడర్

ఈసీఈ కుర్రోడు (తిరుపతి), సోమవారం రాత్రి 9:10

అందరికీ నమస్తే. డిప్లొమా ప్రాజెక్టుకి జనరల్ పర్పస్ బోర్డు మీద 8085 కట్టినాము. క్రిస్టల్ 6.144 మెగాహెర్ట్జ్, కింది అడ్రసు పట్టుకోడానికి 74హెచ్‌సీటీ373. మానిటర్ ప్రోగ్రామ్ 27సీ64లో ఉంది, 0000 నుంచి 1FFF దాకా. ర్యామ్ 32కే కావాలి, అందుకని 8కే సైజు 6264లు నాలుగు. డీకోడర్ 74ఎల్ఎస్138. దాని వై0 రోమ్‌కి, వై4, వై5, వై6, వై7 వరసగా నాలుగు ర్యామ్‌లకి పోతాయి. అంటే 8000, A000, C000, E000 దగ్గర ఒక్కొక్కటి మొదలవ్వాల.

మానిటర్ బాగా వస్తాంది. కీప్యాడ్, డిస్‌ప్లే పనిచేస్తున్నాయి. A000 బ్లాకు, E000 బ్లాకు రాసింది రాసినట్టు చదువుతున్నాయి. 8000 బ్లాకు, C000 బ్లాకు మాత్రం ఏం రాసినా నిలవదు. చిప్పులు ఒక సాకెట్‌లోవి ఇంకోదాంట్లోకి మార్చి చూస్తే అవే సాకెట్లు పనిచేయడంలేదు, చిప్పులన్నీ A000 దగ్గర బాగున్నాయి. ఇంకో వింత: 8000 చదివితే 00, 8001 చదివితే 01, 8005 చదివితే 05 చూపిస్తాంది. C0 వైపు కూడా ఇదే.

138 పాడయ్యిందా? వైరింగ్‌లో ఎక్కడ చూడాల?

---

రేణిగుంట రాజా, సోమవారం రాత్రి 9:31

చిప్పులే తమ్ముడూ. పాత బోర్డుల్లోంచి పీకి, పైన గీకి, కొత్త నంబరు కొట్టి అమ్మేవి మార్కెట్లో బోలెడు. 6264 అని రాసున్నా లోపల ఇంకేదో ఉంటుంది. నాలుగూ ఒకే తేదీ కోడు ఉన్నవి తెచ్చుకో, సమస్య పోతాది.

---

చిత్తూరు చిన్నా, సోమవారం రాత్రి 9:48

మాకు ల్యాబ్‌లో ఇదే ఉండాది. 2114లు రెండు తీసుకుని అడ్రసు లైన్లు, చిప్ సెలెక్టు రెండింటికీ కలిపి, ఒకదాని డేటా డీ0–డీ3కి, ఇంకోదానివి డీ4–డీ7కి ఇస్తే 1కే మెమరీ వస్తాది. నువ్వు నాలుగు చిప్పులకి వేరే వేరే సెలెక్టు ఇచ్చినావు కదా, అందుకే రెండు పలకడంలేదు. సెలెక్టులన్నీ ఒకటిగా కట్టి చూడు.

---

సోల్డరు సామి (తిరుపతి), సోమవారం రాత్రి 10:20

చిన్నా, ఆ పని ఇక్కడ చేస్తే బోర్డు వేడెక్కుతుంది. నీ 2114 ఒక్కొక్కటి నాలుగు బిట్లే ఇస్తుంది కాబట్టి రెండూ ఒకేసారి పలకాలి, ఒక్కోటి సగం బైటు ఇస్తుంది. అక్కడ పెరిగేది వెడల్పు. 6264లో ఒక్కో చిప్పు పూర్తి ఎనిమిది బిట్లు ఇస్తుంది. నాలుగూ ఒకేసారి పలికితే నాలుగు చిప్పులు అవే ఎనిమిది డేటా లైన్ల మీద పోట్లాడుకుంటాయి. ఇక్కడ పెరగాల్సింది పొడవు. ఏ అడ్రసుకైనా ఒక్కటే పలకాలి, మిగతా మూడూ నోరు మూసుకోవాలి. 138 ఉన్నది ఆ పనికే.

రాజా, రీమార్క్ చిప్పులు ఉన్నమాట నిజమే. కానీ కుర్రోడు చిప్పులు మార్చి చూశానని రాశాడు. తప్పు సాకెట్ దగ్గరే ఉండిపోయింది, చిప్పుతో పోలేదు.

ఇక అసలు విషయం. 8005 చదివితే 05 రావడం చూడండి. అది మెమరీ నుంచి వచ్చింది కాదు. 8085లో కింది అడ్రసూ డేటా ఒకే తీగల మీద వస్తాయి. ముందు ప్రాసెసర్ 05 అని అడ్రసు పెట్టి, తర్వాత తీగలను వదిలేసి డేటా కోసం చూస్తుంది. ఎవరూ జవాబివ్వకపోతే ఆ తీగల కెపాసిటెన్సులో నిలిచిన 05 మళ్ళీ చదువుకుంటుంది. హెచ్‌సీటీ లాచి, సీమాస్ మెమరీలు ఉన్న బోర్డులో ఇది బాగా కనిపిస్తుంది. ఎల్ఎస్ లాచి ఉంటే దాని ఇన్‌పుట్లు తీగల్ని పైకి లాగుతాయి కాబట్టి FF వైపు పోతుంది. ఏదైనా అర్థం ఒక్కటే, ఆ అడ్రసులో ఏ చిప్పూ సెలెక్టు కావడంలేదు.

ఇప్పుడు పనిచేసే బ్లాకులు, చేయని బ్లాకులు ఏ15, ఏ14, ఏ13 బిట్లలో రాసుకోండి.

```
0000  000  పనిచేస్తుంది (రోమ్)
8000  100  లేదు
A000  101  పనిచేస్తుంది
C000  110  లేదు
E000  111  పనిచేస్తుంది
```

పనిచేసేవి 000, 101, 111. ఈ మూడూ ఎడమ నుంచి చదివినా కుడి నుంచి చదివినా ఒకటే. చేయని 100ని తిప్పి చదివితే 001, 110ని తిప్పితే 011. అంటే 8000 అడిగితే 138 వై1ని లాగుతోంది, C000 అడిగితే వై3ని. ఆ రెండింటికీ నువ్వు ఏమీ కట్టలేదు. ఏ13, ఏ15 తారుమారయ్యాయని నా అనుమానం.

అదే నిజమైతే నీ మొదటి ర్యామ్ పోలేదు, 2000 దగ్గర కూర్చుని ఉంది. మూడోది 6000 దగ్గర ఉంది. 2000లో 5A రాసి చదివి చూడు.

---

ఈసీఈ కుర్రోడు, సోమవారం రాత్రి 10:52

సార్, 2000లో 5A నిలిచింది! 6000లో కూడా. ఇన్నాళ్ళూ అక్కడ చూడాలని తోచలేదు.

కానీ వైర్ మార్చేముందు ఒక డౌటు. ఒక్కో అడ్రసులో చేత్తో రాసి చదవడం కాకుండా, మొత్తం ఎక్కడెక్కడ ర్యామ్ ఉందో ఒకేసారి తెలిసే పద్ధతి ఉందా?

---

సోల్డరు సామి, సోమవారం రాత్రి 11:15

ఉంది, కానీ ఒక జాగ్రత్త. చాలామంది ప్రతి చోటా 55 రాసి వెంటనే చదివి, 55 వచ్చింది కాబట్టి మెమరీ బాగుంది అంటారు. ఆ పరీక్షలో ఒకే చిప్పు రెండు చోట్ల కనిపించినా పాసవుతుంది. అందుకని ప్రతి చోటా వేరే విలువ రాయాలి, అన్నీ రాయడం పూర్తయ్యాకే చదవడం మొదలెట్టాలి. అన్నిటికంటే సులువైన విలువ ఆ అడ్రసు పై బైటే.

```
        LXI  H,2000H
L1:     MOV  M,H
        MOV  A,H
        ADI  20H
        MOV  H,A
        JNZ  L1
        HLT
```

దీన్ని E110 దగ్గర పెట్టి నడుపు, ఎందుకంటే E000 బ్లాకు పనిచేస్తుందని తెలుసు. H 20, 40, 60 అని పెరుగుతూ E0 దాటాక 00 అవుతుంది, అక్కడ ఆగుతుంది. రీసెట్ చేసి 2000, 4000, 6000, 8000, A000, C000, E000 ఒక్కోటి మానిటర్‌లో చదువు. ర్యామ్ ఉన్న చోట ఆ అడ్రసు పై బైటు ఉంటుంది, లేని చోట 00 వస్తుంది, అంటే తీగల మీద నిలిచిపోయిన కింది అడ్రసు. మీ మానిటర్ రీసెట్‌లో ర్యామ్ తుడిచే రకమైతే మాత్రం ఇది పనికిరాదు, ముందు అది చూసుకో.

ఇప్పుడున్న వైరింగ్‌తో 20, 60, A0, E0 కనిపించాలి. సరిచేశాక 80, A0, C0, E0 కనిపించాలి.

---

ప్రసన్న ల్యాబ్, మంగళవారం ఉదయం 7:40

పవర్ తీసేసి మల్టీమీటర్ బీప్‌లో పెట్టి చూడండి, ఐదు నిమిషాల పని. 8085లో 26, 27, 28 పిన్నులు ఏ13, ఏ14, ఏ15. అవి 138లో వరసగా 1, 2, 3 పిన్నులకి పోవాలి. 138లో 1వ పిన్ను చిన్న బిట్టు, 3వది పెద్ద బిట్టు. బొమ్మలో 138ని పై నుంచి కిందికి గీసి ఏ, బీ, సీ అని రాస్తారు, పక్కన ప్రాసెసర్ లైన్లు పెద్దది పైన ఉండేట్టు ఏ15, ఏ14, ఏ13 అని గీస్తారు. నేరుగా గీతలు గీస్తే తిరగబడుతుంది. మా బ్యాచిల్లో ఎక్కువగా ఇక్కడే జరిగేది.

ఇంకోటి, అవుట్‌పుట్ల వైపు. వై4 11వ పిన్ను, వై5 10, వై6 9. ఆ వరసలో వై7 8వ పిన్ను అనుకుంటారు, కానీ 8 గ్రౌండ్. వై7 7వ పిన్ను. ర్యామ్ సెలెక్టుని 8కి కడితే ఆ చిప్పు ఎప్పుడూ సెలెక్టయ్యే ఉంటుంది, ఏ బ్లాకు చదివినా అది కూడా మాట్లాడుతుంది, మానిటర్ కూడా సరిగా లేవదు. మీ మానిటర్ లేస్తోంది కాబట్టి ఆ తప్పు మీకు లేదు.

---

రేణిగుంట రాజా, మంగళవారం ఉదయం 9:05

మేడమ్, ఒక అనుమానం. ర్యామ్‌లో అడ్రసు లైన్లు ఎటు కట్టినా ఫర్వాలేదని చెప్తారు కదా? నేను ఒక బోర్డులో రూటింగ్ కష్టమై ఏ3, ఏ7 మార్చి కట్టినా, బాగానే పనిచేసింది. మరి ఇక్కడ ఏ13, ఏ15 మారితే ఎందుకు పడింది?

---

సోల్డరు సామి, మంగళవారం ఉదయం 9:50

మంచి ప్రశ్న. నువ్వు చెప్పింది ర్యామ్‌కి నిజమే. ఏ3, ఏ7 మారిస్తే నువ్వు 0008లో రాయమన్నది చిప్పు లోపల 0080 గదిలో పడుతుంది. చదివేటప్పుడూ అదే గదికి పోతుంది. లోపల ఏ గదిలో ఉందో నీకు అక్కర్లేదు. రోమ్‌లో మాత్రం ఇది చెల్లదు. అందులో ప్రోగ్రామర్ సరైన గదుల్లో రాసిపెట్టింది, నువ్వు తప్పు గదులు తెరుస్తావు.

138 దగ్గర జరిగింది కూడా సరిగ్గా అదే తారుమారు, గదుల బదులు బ్లాకులు మారాయి. ఎనిమిది అవుట్‌పుట్లకీ ఎనిమిది ర్యామ్‌లు ఉండి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. ఇక్కడ మూడు అవుట్‌పుట్లు ఖాళీ, ఒకటి రోమ్. రోమ్ 000 దగ్గర ఉంది కాబట్టి బతికిపోయింది. వై1 దగ్గర రెండో రోమ్ ఉండి ఉంటే అది 2000 బదులు 8000 దగ్గర కనిపించేది.

---

జెడ్80 రాఘవ (చిత్తూరు), మంగళవారం మధ్యాహ్నం 1:30

మధ్యలో దూరుతున్నందుకు క్షమించాలి, నాదీ ఇలాంటిదే అనిపించింది. జెడ్80 బోర్డు. 138 ఎందుకులే అని ఏ15 ఒక్కటే వాడినాను. ఏ15 సున్నా అయితే రోమ్, ఒకటి అయితే ఇన్వర్టర్ మీదుగా ఒక 6264. మెమరీ సైజు లెక్కేసే చిన్న రొటీన్ ఉంది, 8000 నుంచి 256 బైట్లకి ఒకచోట రాసి చదువుకుంటూ పోతుంది. ఉన్నది 8కే అయితే అది 32కే అంటుంది! స్టాక్ FFFF నుంచి మొదలెట్టినాను. ప్రోగ్రామ్ చిన్నదైతే బాగుంటుంది, డేటా 9F00 దాటితే పిచ్చి పట్టినట్టు చేస్తుంది.

---

సోల్డరు సామి, మంగళవారం మధ్యాహ్నం 2:10

రాఘవా, నీది వేరే జబ్బు. కుర్రోడి బోర్డులో చిప్పులు తప్పు ఇళ్ళలో ఉన్నాయి, కానీ ఒక్కోటి ఒక్క ఇంట్లోనే ఉంది. నీ బోర్డులో ఒకే చిప్పు నాలుగు చోట్ల కనిపిస్తోంది. ఏ13, ఏ14 ఎవరూ చూడటంలేదు కాబట్టి 8000, A000, C000, E000 నాలుగూ ఆ చిప్పు మొదటి గదే. FFFF అంటే 9FFF. స్టాక్ కిందికి పెరుగుతూ నీ డేటా మీదికి దిగుతోంది.

సైజు రొటీన్ మోసపోవడానికి కారణం నిన్న చెప్పిందే, రాసిన వెంటనే చదివింది. ముందు 8000లో ఒక విలువ పెట్టి, తర్వాత A000లో వేరేది రాసి, మళ్ళీ 8000 చూడమను. మారిపోయి ఉంటే అక్కడితో మెమరీ అయిపోయినట్టు.

ఇలా సగం డీకోడింగ్ చేయడం తప్పు కాదు. ఒక రోమ్, ఒక ర్యామ్ ఉన్న చిన్న బోర్డుకి ఒక ఐసీ మిగులుతుంది. నీడలు ఎక్కడెక్కడ పడుతున్నాయో తెలిసి స్టాక్ 9FFF దగ్గర పెట్టుకుని, డేటా దానికి తగలకుండా కిందే ఆపుకుంటే చాలు. రెండో ర్యామ్ పెట్టాలనుకున్న రోజు మాత్రం 138 తప్పదు.

---

జెడ్80 రాఘవ, మంగళవారం మధ్యాహ్నం 2:35

అర్థమైంది. స్టాక్ మారుస్తాను. అయినా ఈ రోజుల్లో 6264లు నాలుగెందుకు, 62256 ఒక్కటి పెడితే 32కే వస్తుంది కదా?

---

ప్రసన్న ల్యాబ్, మంగళవారం మధ్యాహ్నం 3:00

వస్తుంది. కానీ వాళ్ళ ప్రాజెక్టు పేరే చిన్న చిప్పులతో పెద్ద మెమరీ కట్టడం. పైగా 62256 నేరుగా 6264 సాకెట్‌లో పెట్టి వదిలేయకండి. 6264లో 1వ పిన్ను ఖాళీ, 26వది రెండో సెలెక్టు, అది ఒకటిగా ఉండాలి. 62256లో 1వ పిన్ను ఏ14, 26వది ఏ13.

---

ఈసీఈ కుర్రోడు, మంగళవారం రాత్రి 8:20

26, 28 పిన్నుల తీగలు మార్చినా. టెస్టు ప్రోగ్రామ్ నడిపితే 80, A0, C0, E0 వచ్చినాయి! 2000, 4000, 6000లో 00.

రాజా అన్న ఫోన్ చేసి ఇంకో రెండు మాటలు చెప్పినాడు. 138 ఎనేబుల్ పిన్నులు మూడూ స్థిరంగా కట్టేయమని, ర్యామ్‌ల ఓఈ పిన్ను గ్రౌండ్ చేస్తే ఒక తీగ తగ్గుతుందని. ఇప్పుడు 4వ పిన్ను ప్రాసెసర్ 34కి, అంటే ఐఓ/ఎం లైనుకి ఉంది. 5 గ్రౌండ్, 6 ఐదు వోల్టులు. మార్చాలా?

---

సోల్డరు సామి, మంగళవారం రాత్రి 9:00

రెండూ మార్చొద్దు. రాజా ఆధారం లేకుండా చెప్పలేదు, అడ్రసు డేటా వేరే తీగల మీద వచ్చే ప్రాసెసర్ల బోర్డుల్లో ఓఈ గ్రౌండ్ చేసినవి ఉన్నాయి. 8085లో అది కుదరదు. ప్రతి సైకిల్ మొదట్లో ప్రాసెసర్ ఏడీ0–ఏడీ7 మీద కింది అడ్రసు పెడుతుంది. అప్పటికే ఏ13–ఏ15 సిద్ధంగా ఉంటాయి కాబట్టి ర్యామ్ సెలెక్టయి ఉంటుంది. ఓఈ గ్రౌండ్‌లో ఉంటే ర్యామ్ కూడా అదే తీగల మీదికి డేటా నెడుతుంది. లాచి పట్టుకునేది ఈ ఇద్దరి గొడవలోంచి వచ్చిన అడ్రసు. ర్యామ్ వేడెక్కుతుంది, పక్క గదులు చెడిపోతాయి, ఎక్కడ అని కనిపెట్టలేవు. ఓఈ 22వ పిన్ను ప్రాసెసర్ 32కి, అంటే రీడ్ లైనుకే ఉండాలి. 27వ పిన్ను 31కి, రైట్ లైనుకి.

ఐఓ/ఎం సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. 8085లో `OUT 80H` అంటే పోర్టు నంబరు కింది ఎనిమిది లైన్ల మీదా, పై ఎనిమిది లైన్ల మీదా రెండుచోట్లా వస్తుంది. అంటే అడ్రసు బస్సు మీద 8080 ఉంటుంది. డీకోడర్‌కి ఇది పోర్టా మెమరీనా తెలియకపోతే, రైట్ లైను కిందికి రాగానే మొదటి ర్యామ్ 8080వ గదిలో ఆ బైటు పడిపోతుంది. `IN 80H` అయితే పోర్టు చిప్పూ ర్యామూ ఒకేసారి మాట్లాడతాయి. ప్రోగ్రామ్ బాగుంటుంది, 8080 దగ్గర ఒక్క బైటు మాత్రం ఎప్పుడూ మారిపోతూ ఉంటుంది, కారణం వారం వెతికినా దొరకదు. మెమరీ రీడ్, మెమరీ రైట్ అని గేట్లతో వేరే తీగలు చేసుకున్న బోర్డులో అయితే రాజా చెప్పినట్టు ఎనేబుల్‌కి ఐఓ/ఎం ఇవ్వకపోయినా నడుస్తుంది. నీ దగ్గర ఆ గేట్లు లేవు.

---

రేణిగుంట రాజా, మంగళవారం రాత్రి 9:15

సరే సార్, 8085 సంగతి ఒప్పుకుంటా. నేను చేసిందంతా 6502 మీద. దాంట్లో పోర్టులూ మెమరీలోనే ఉంటాయి.

---

ఈసీఈ కుర్రోడు, బుధవారం సాయంత్రం 6:40

ఓఈ, ఐఓ/ఎం అట్లే ఉంచినా. ఇప్పుడు ప్రతి బ్లాకు మొదటి గది మాత్రమే కాకుండా లోపల కూడా చూద్దామని ADI తీసేసి 256 గదులకి ఒకటి రాసినా.

```
        LXI  H,8000H
L1:     MOV  M,H
        INR  H
        JNZ  L1
        HLT
```

మూడు చిప్పులు బాగున్నాయి. C000 చిప్పులో మాత్రం C000 చదివితే D0, C100 చదివితే D1 వస్తాంది. D000 నుంచి సరిగానే ఉంది. ఒక్కోసారి, చెయ్యి ఆ సాకెట్ దగ్గర పెడితే C0 కూడా కనిపిస్తాంది. 138 ఇంకా తప్పా?

---

ప్రసన్న ల్యాబ్, బుధవారం సాయంత్రం 7:05

138 కాదు. ఎంత దూరంలో ఉన్న అడ్రసు నీడలా కనిపిస్తోందో చూడండి. C000లో D000 విలువ ఉందంటే దూరం 1000. అది ఏ12 విలువ. 0800 దూరమైతే ఏ11, 0400 అయితే ఏ10 అనేవాళ్ళం. 2000 లేక అంతకంటే ఎక్కువ దూరమైతేనే 138 వైపు చూడాలి.

మూడో సాకెట్ 2వ పిన్ను చూడండి. చెయ్యి పెడితే మారుతోందంటే ఆ పిన్నుకి ఏ తీగా తగల్లేదు. సీమాస్ ఇన్‌పుట్ ఖాళీగా వదిలితే అట్లాగే గాలిలో ఉంటుంది.

---

ఈసీఈ కుర్రోడు, బుధవారం రాత్రి 7:50

తీగ 1వ పిన్నుకి సోల్డర్ అయింది మేడమ్, 2 ఖాళీ. మార్చినాక 8000 నుంచి FE00 దాకా అన్నీ సరిగా ఉన్నాయి. FF00 ఒక్కటి వేరే విలువ చూపిస్తాంది.

---

సోల్డరు సామి, బుధవారం రాత్రి 8:10

FF పేజీలో మానిటర్ తన వేరియబుల్స్, స్టాక్ పెట్టుకుంటుంది కాబట్టి రీసెట్‌లో దాన్ని తిరగరాసి ఉండొచ్చు. మానిటర్ లిస్టింగ్ చూసి ఖాయం చేసుకో, ఊహతో వదిలేయకు.

26వ పిన్నులు కూడా నాలుగు సాకెట్లలోనూ నేరుగా ఐదు వోల్టులకి ఉన్నాయో లేదో మీటర్‌తో చూడు. అది గాలిలో ఉంటే కొన్ని రోజులు పనిచేసి ప్రదర్శన రోజే మొరాయిస్తుంది. ఒక్కో చిప్పు పక్కన 28, 14 పిన్నుల మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉండాలి.

---

చిత్తూరు చిన్నా, గురువారం ఉదయం 8:30

138 హెచ్‌సీ రకం పెడితే కరెంటు తగ్గుతాది కదా? తిరుపతిలో ఎల్ఎస్ దొరకడంలేదు, హెచ్‌సీ అయితే ఉండాది అన్నారు.

---

సోల్డరు సామి, గురువారం ఉదయం 9:10

8085ఏ ఎన్‌మాస్ రకం. ఒకటి అంటే కనీసం 2.4 వోల్టులు ఇస్తానని మాత్రమే దాని డేటాషీట్ హామీ. హెచ్‌సీకి ఐదు వోల్టుల దగ్గర ఒకటిగా గుర్తించడానికి 3.5 కావాలి. మామూలుగా ప్రాసెసర్ అంతకంటే ఎక్కువే ఇస్తుంది కాబట్టి టేబుల్ మీద పనిచేస్తుంది, హామీ మాత్రం లేదు. హెచ్‌సీటీ తీసుకో, దానికి 2 వోల్టులు చాలు. చెన్నై రిచీ స్ట్రీట్ వెళ్ళేవాళ్ళు ఎవరైనా ఉంటే తెప్పించుకో.

---

రేణిగుంట రాజా, గురువారం ఉదయం 9:40

ఇక్కడ మాత్రం ఒప్పుకోను సార్. 8085తో హెచ్‌సీ138లు పెట్టిన బోర్డులు ఏళ్ళ తరబడి నడుస్తున్నాయి. ఒక లోడ్ మాత్రమే ఉంటే 8085 నాలుగు వోల్టుల దాకా ఇస్తుంది.

---

సోల్డరు సామి, గురువారం ఉదయం 10:05

ఏ13 మీద ఒకే లోడ్ ఉంది, సరే. ఏ8 నుంచి ఏ12 దాకా ఐదు చిప్పులు వేలాడుతున్నాయి. హెచ్‌సీ పెట్టేవాళ్ళు స్కోప్ పెట్టి ఆ మూడు పిన్నుల వోల్టేజీ కొలిచి చెప్పండి, చూద్దాం.

---

ఈసీఈ కుర్రోడు, గురువారం మధ్యాహ్నం 12:30

26వ పిన్నులు నాలుగూ ఐదు వోల్టులే. కెపాసిటర్లు రెండు చిప్పులకే ఉన్నాయి, మిగతావి పెడతాను. ఒక ప్రశ్న మిగిలింది. వై1, వై2, వై3 ఖాళీ కదా. వై2కి 8255 సెలెక్టు కడితే 4000 దగ్గర నాలుగు రిజిస్టర్లు మెమరీ లాగా వాడుకోవచ్చా?

---

ప్రసన్న ల్యాబ్, గురువారం మధ్యాహ్నం 1:15

వాడుకోవచ్చు, `STA 4000H` అంటే పోర్టు ఏలోకి పోతుంది. కానీ 8255కి ఏ0, ఏ1 మాత్రమే తెలుసు. నాలుగు రిజిస్టర్లకి 8192 గదుల బ్లాకు ఇస్తే అవి 2048 సార్లు పునరావృతం అవుతాయి. ఇప్పుడు మీకు చోటు ఉంది కాబట్టి నష్టం లేదు. రెండో రోమ్ పెట్టే ఆలోచన ఉంటే వై1 దానికి వదిలేయండి, 2000 నుంచి మొదలవుతుంది కాబట్టి మానిటర్‌కి కొనసాగింపుగా కుదురుతుంది. రోమ్, 8255 రెండూ ఒకే బ్లాకులో కావాలంటే ఏ12తో ఇంకో డీకోడర్ పెట్టాలి.

---

జెడ్80 రాఘవ, గురువారం మధ్యాహ్నం 2:00

రెండో 138ని మొదటిదాని వై2తో ఎనేబుల్ చేస్తే సరిపోదా?

---

ప్రసన్న ల్యాబ్, గురువారం మధ్యాహ్నం 2:20

సరిపోతుంది. వై2ని రెండోదాని 4వ పిన్నుకి ఇచ్చి, ఏ10, ఏ11, ఏ12లను 1, 2, 3కి ఇస్తే 4000 నుంచి 1కే ముక్కలు ఎనిమిది వస్తాయి. రెండు డీకోడర్ల ఆలస్యం కలుస్తుంది, కానీ 3 మెగాహెర్ట్జ్ 8085 అడ్రసు పెట్టాక డేటా కోసం దాదాపు 575 నానోసెకన్లు ఆగుతుంది. 200 నానోసెకన్ల రోమ్‌కి లాచీ, రెండు 138లూ కలిపినా ఇంకా చాలా మిగులుతుంది.